డయాగ్నస్టిక్ ఇంటర్వ్యూ స్టడీలో కప్పా లెక్క: మెథడ్స్ సెక్షన్‌లో ఎలా రాయాలి?

"రేటర్ల మధ్య ఒప్పుదల బాగుంది, కప్పా 0.68" అని ఒక్క వాక్యం రాసి వదిలేసే పేపర్లు చాలా కనిపిస్తాయి. కప్పా అంటే, యాదృచ్ఛికంగా కలిసే వాటాను తీసేశాక ఇద్దరు రేటర్ల నిర్ణయాలు ఎంతవరకు కలిశాయో చెప్పే అంకె. రెండో రేటింగ్ ఎలా వచ్చిందో చెప్పకపోతే ఆ 0.68కి అర్థం లేదు. అందుకే లెక్క కంటే ముందు తేల్చుకోవలసింది అదే.

1. రెండో రేటింగ్ ఎలా తీసుకుంటారో నిర్ణయించండి

దారులు రెండు. మొదటిది, ఒకరు చేసిన ఇంటర్వ్యూ రికార్డింగ్‌ను ఇంకొకరు చూసి రేటింగ్ ఇవ్వడం. రెండోది, అదే పేషెంట్‌ను వేరే క్లినీషియన్ కొంత వ్యవధి తర్వాత మళ్లీ స్వయంగా ఇంటర్వ్యూ చేయడం.

మొదటి దారిలో కప్పా ఎక్కువగా వస్తుంది. ప్రశ్నలు, జవాబులు ఇద్దరికీ ఒకటే కదా. పైగా ఎస్‌సీఐడీ లాంటి, ప్రశ్నలు ముందే నిర్ణయించిన డయాగ్నస్టిక్ ఇంటర్వ్యూలో స్కిప్ రూల్స్ ఉంటాయి. ముఖ్య లక్షణాలు లేవనుకుంటే ఇంటర్వ్యూ చేసేవారు ఆ విభాగం వదిలేసి ముందుకు వెళ్లిపోతారు. అలా వెళ్లడం చూడగానే రెండో రేటర్‌కు మొదటివారి నిర్ణయం తెలిసిపోతుంది. వీలైతే డిప్రెషన్ విభాగంలోని రెండు ముఖ్య లక్షణాల దగ్గర స్కిప్ చేయకుండా మిగతా ప్రశ్నలు కూడా అడిగించండి. కుదరకపోతే ఆ సంగతి పేపర్‌లో రాయండి.

రెండో దారి కఠినమైనది. 2013లో వెలువడిన డీఎస్ఎం-5 ఫీల్డ్ ట్రయల్స్‌లో విడివిడిగా ఇంటర్వ్యూలు చేయించారు. అక్కడ పెద్దల్లో మేజర్ డిప్రెషన్‌కు వచ్చిన కప్పా 0.28 మాత్రమే. ఆ అంకెను రికార్డింగ్ స్టడీల కప్పా పక్కన పెట్టి పోల్చడం సరికాదు.

2. రేటింగ్‌లు విడివిడిగా ఉంచండి

రికార్డింగ్‌లను మొత్తం స్టడీ కాలం నుంచి ర్యాండమ్‌గా ఎంచుకోండి. మొదటి నెలవి మాత్రమే తీసుకుంటే, ట్రైనింగ్ తాజాగా ఉన్నప్పటి ఒప్పుదలే కనిపిస్తుంది, తర్వాత రేటర్లు మెల్లగా దారి మళ్లడం కనిపించదు. "ఏ పని మీదా మనసు పోవట్లేదండీ, అయినా టీవీ చూస్తా" అని పేషెంట్ అంటే ఒకరు ఆసక్తి కోల్పోయినట్టు గుర్తిస్తారు, ఇంకొకరు గుర్తించరు. ఇలాంటి తేడాలను చర్చించుకోవచ్చు, కానీ కప్పా లెక్కకు వాడే రేటింగ్‌లు లాక్ చేశాకే. చర్చ తర్వాత దిద్దిన రేటింగ్‌లతో లెక్కిస్తే అది ఇద్దరి విడి నిర్ణయాలను చూపించదు.

3. లెక్క వేయండి

60 రికార్డింగ్‌లు, ఇద్దరు రేటర్లు, డిప్రెషన్ ఉందా లేదా అన్నదే ప్రశ్న అనుకుందాం. ఇద్దరూ "ఉంది" అన్నవి 18, ఇద్దరూ "లేదు" అన్నవి 33. మొదటివారు మాత్రమే "ఉంది" అన్నవి 4, రెండోవారు మాత్రమే అన్నవి 5.

కలిసినవి 51, అంటే 0.85. కానీ ఇందులో కొంత యాదృచ్ఛికంగానే కలుస్తుంది. మొదటివారు 22 మందికి, రెండోవారు 23 మందికి "ఉంది" అన్నారు కాబట్టి ఆ వాటా:

```
Pe = (22×23 + 38×37) / 60² = 0.531
kappa = (0.85 − 0.531) / (1 − 0.531) = 0.68
```

ఆర్‌లో అయితే:

```r
library(psych)
cohen.kappa(matrix(c(18,5,4,33), nrow=2))
```

95% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ దాదాపు 0.49 నుంచి 0.87 వరకు వస్తుంది. 60 మందితో ఇంత వెడల్పు తప్పదు. దాన్ని దాచకుండా రాయాలి.

4. అరుదైన డయాగ్నసిస్ దగ్గర ఆగి చూడండి

అదే 60 మందిలో బైపోలార్‌ను తీసుకుందాం. ఇద్దరూ "ఉంది" అన్నది 1, ఒక్కొక్కరు విడిగా "ఉంది" అన్నవి 4 చొప్పున, ఇద్దరూ "లేదు" అన్నవి 51. ఒప్పుదల 0.87, డిప్రెషన్ కంటే ఎక్కువ. కప్పా మాత్రం 0.13! దాదాపు అందరికీ "లేదు" అన్నప్పుడు యాదృచ్ఛికంగా కలిసే వాటానే 0.85 అవుతుంది, ఇంక మిగిలేది చాలా తక్కువ.

ఇక్కడ కప్పాను తీసేయకండి. పక్కన "ఉంది" మీద ఒప్పుదల 0.20, "లేదు" మీద 0.93 అని విడిగా ఇవ్వండి. అసలు ఇబ్బంది బైపోలార్‌ను గుర్తించడంలోనే ఉందని పాఠకులకు అప్పుడు కనిపిస్తుంది. అన్ని డయాగ్నసిస్‌లకూ కలిపి ఒకే సగటు కప్పా ఇస్తే ఇది కనపడకుండా పోతుంది.

5. పేరా రాయండి

"స్టడీ కాలమంతటి నుంచి ర్యాండమ్‌గా ఎంచుకున్న 60 ఇంటర్వ్యూల వీడియోలను, మొదటి రేటింగ్ తెలియని రెండో సైకియాట్రిస్ట్ విడిగా రేట్ చేశారు. చర్చకు ముందు నమోదైన రేటింగ్‌లతో కోహెన్ కప్పా లెక్కించాం. డిప్రెషన్‌కు కప్పా 0.68 (95% ఇంటర్వెల్ 0.49–0.87), ఒప్పుదల 85%. ప్రధాన విశ్లేషణలో చర్చ తర్వాతి డయాగ్నసిస్‌ను వాడాం. రెండో రేటర్ కొత్తగా ప్రశ్నలు అడగలేదు కాబట్టి, విడిగా ఇంటర్వ్యూ చేసి ఉంటే కప్పా ఇంతకంటే తగ్గి ఉండవచ్చు."

"గణనీయం", "మధ్యస్థం" లాంటి బిరుదులు ఈ పేరాలో లేవు. కప్పా ఎంతుంటే ఏ బిరుదు అని 1977లో లాండిస్, కోచ్ ఇచ్చిన హద్దులు తాము ఇష్టానుసారం పెట్టుకున్నవేనని వాళ్లే చెప్పారు. రివ్యూయర్ అడిగితే చేర్చండి, కానీ ఇంటర్వెల్‌ను మాత్రం తీసేయకండి.