లైసెన్స్‌ని అరబిక్‌లోకి మార్పిస్తున్నారా? ముందు కార్డు వెనకవైపు చూడండి

సౌదీకి డ్రైవర్ వీసా మీద వచ్చినా, వేరే పని మీద వచ్చి ఇక్కడ కారు నడుపుదామనుకున్నా, మన ఇండియా లైసెన్స్‌కి అరబిక్ అనువాదం చేయించుకోవాల్సి వస్తుంది. గుర్తింపు ఉన్న ట్రాన్స్‌లేషన్ ఆఫీసుకి వాట్సాప్‌లో ఫొటో పంపితే చాలు, చాలాచోట్ల అదే రోజు స్టాంపు కొట్టి ఇచ్చేస్తారు. పేరు, పుట్టిన తేదీ ఉండే ముందువైపు పెద్దగా తేడాలు రావు. ఎక్కువ గొడవ వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండే పట్టికతోనే. ఏ బండి నడపొచ్చు, ఎప్పటి నుంచి, ఏ షరతుతో అన్నది అక్కడే ఉంటుంది, సరిగ్గా దాన్నే చాలామంది ఫొటో కూడా తీయరు.

ఫొటో సంగతి ముందు. ఫ్లాష్ ఆపేసి, కిటికీ వెలుతురులో, కార్డుని బల్ల మీద పెట్టి రెండు వైపులా తీయండి. ఫ్లాష్ పడితే హోలోగ్రామ్ మెరిసి దాని కింద ఉన్న అంకెలు కనపడవు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే సైజు తగ్గిపోయి 3కి 8కి తేడా తెలీదు. పంపేముందు జూమ్ చేసి చూసుకోండి, మీకే చదవరాని అంకె అనువాదకుడికి అసలే చదవరాదు, అతను ఊహించి రాసేస్తే స్టాంపు పడ్డాక అదే ఖాయమవుతుంది. కార్డు అరిగిపోయి ఉంటే డిజీలాకర్ కాపీ కూడా జత చేయండి.

ఇప్పుడు అసలు విషయం, ఎల్‌ఎంవీ. దాన్ని చూడగానే ఇక్కడి అనువాదకుడు ‘ఖుసూసీ’ అని, అంటే సొంత కారు లైసెన్స్ అని రాసేస్తాడు. కానీ మన చట్టంలో ఎల్‌ఎంవీ అంటే మొత్తం బరువు 7,500 కిలోల దాకా ఉన్న బండి. సౌదీ ఖుసూసీ 3,500 కిలోల దగ్గరే ఆగిపోతుంది. రెండూ ఒకటి కాదు. అందుకే అనువాదకుడికి మీరు చెప్పాల్సిన మాట ఒక్కటే: ఇక్కడి లైసెన్స్ రకం పేరు పెట్టొద్దు, కార్డు మీదున్న కోడ్‌ని ఇంగ్లిష్ అక్షరాల్లో అలాగే ఉంచి, పక్కన అరబిక్‌లో అర్థం రాయమనండి. ఎల్‌ఎంవీ దగ్గర ‘తేలికపాటి మోటారు వాహనం’, ఎంసీడబ్ల్యూజీ దగ్గర ‘గేర్లున్న మోటార్ సైకిల్’, అంతే. అది ఇక్కడ ఏ రకానికి సరిపోతుందో తేల్చేది ముర్రూర్, అంటే ఇక్కడి ట్రాఫిక్ శాఖవాళ్లు, అనువాదకుడు కాదు.

హెవీ డ్రైవర్లకి ఇది ఇంకా ముఖ్యం. ఒక ఉదాహరణ తీసుకుందాం, జగిత్యాల నుంచి దమ్మామ్‌కి ట్రైలర్ నడపడానికి వచ్చిన ఒకన్న కార్డు అనుకోండి. వెనకాల మూడు వరసలున్నాయి: ఎంసీడబ్ల్యూజీ, ఎల్‌ఎంవీ రెండూ 03-07-2009న ఇచ్చినవి, ట్రాన్స్ 11-02-2013న. ముందువైపు చెల్లుబాటు తేదీలు రెండున్నాయి, ఎన్‌టీకి 02-07-2029, టీఆర్‌కి 10-02-2027. ఎన్‌టీ అంటే సొంత బండ్లు, టీఆర్ అంటే ట్రాన్స్‌పోర్ట్ బండ్లు. 2019లో మన మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక ట్రాన్స్‌పోర్ట్‌కి అయిదేళ్లే ఇస్తారు కాబట్టి ఈ రెండు తేదీలూ వేర్వేరుగా ఉండటం మామూలే. కానీ ఆఫీసుల దగ్గరుండే రెడీమేడ్ ఫారంలో గడువు తేదీకి ఒక్కటే గడి ఉంటుంది, అనువాదకుడు పైనున్న తేదీ ఎత్తి అందులో వేసేస్తాడు. దాంతో కాగితం మీద ట్రైలర్ లైసెన్స్ కూడా 2029 దాకా ఉన్నట్టు కనిపిస్తుంది. 2027 దాటాక ఎవరైనా అసలు కార్డుతో పోల్చి చూస్తే తప్పు మీ మీదికే వస్తుంది. తేదీలు ఉల్టా పడినా అంతే, టీఆర్ తేదీ ఒక్కటే వేస్తే కారు లైసెన్స్ రెండేళ్లు ముందే చచ్చిపోతుంది. రెండు గడులు కావాలని గట్టిగా అడగండి, ప్రతి వరసకీ దాని ఇష్యూ తేదీ కూడా విడిగా ఉండాలి, ఎందుకంటే హెవీ అనుభవం ఎన్నేళ్లో కంపెనీవాళ్లు లెక్కేసేది ఆ 2013 చూసే.

అదే కార్డు మీద ‘ట్రాన్స్’ అని ఉంది గానీ ‘హెవీ’ అన్న మాట ఎక్కడా లేదు. 1994లో మన చట్టంలో మీడియం, హెవీ రకాలన్నీ కలిపి ట్రాన్స్‌పోర్ట్ వెహికల్ అని ఒక్కటి చేశారు, ఆ ముచ్చట ఇక్కడివాళ్లకి తెలీదు. కంపెనీ పీఆర్‌ఓ ‘హెవీ అని రాయించుకో’ అంటాడు, ఆఫీసువాడు డబ్బులిస్తే రాసిస్తాడు కూడా. వద్దు. కార్డు మీద లేని మాట అనువాదంలో ఉంటే అది అనువాదం కాదు, పోల్చి చూసిన రోజు మీ పని ఆగిపోతుంది. హెవీ అని కాగితం కావాలంటే సారథి పోర్టల్‌లో మన ఆర్‌టీఓ నుంచి డీఎల్ ఎక్స్‌ట్రాక్ట్‌కి పెట్టుకుని, అందులో ఏముంటే దాన్ని కూడా అనువాదం చేయించండి.

షరతుల గడి దగ్గర రెండు రకాల తప్పులు జరుగుతాయి. మన కార్డులో ఖాళీగా ఉన్నదాన్ని ‘అనుమతి లేదు’ అని రాయడం ఒకటి, ఫొటోలో కళ్లజోడు ఉంది కదా అని ‘కళ్లజోడుతోనే నడపాలి’ అని సొంతంగా చేర్చడం ఇంకోటి. ఖాళీ ఉంటే ‘ఏమీ రాసి లేదు’ అనే ఉండాలి. వికలాంగుల కోసం మార్పులు చేసిన బండికిచ్చే లైసెన్స్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. పాత కార్డుల్లో దాన్ని ‘ఇన్‌వాలిడ్ క్యారేజ్’ అనేవారు, ఆ ఇన్‌వాలిడ్‌ని ‘చెల్లదు’ అని తిప్పితే లైసెన్స్ మొత్తం చెల్లనిదే అయి కూర్చుంటుంది.

ఎండార్స్‌మెంట్‌తో కూడా అంతే ప్రమాదం. మన చట్టంలో ఆ మాటకి రెండు వాడుకలున్నాయి: పెట్రోలు, గ్యాస్ లాంటి ప్రమాదకర సరుకు తోలడానికిచ్చే అదనపు అనుమతి ఒకటి, కోర్టు శిక్ష పడితే లైసెన్స్ మీద దాన్ని నమోదు చేయడం రెండోది. ట్యాంకర్ నడిపే మనిషి అనుమతిని అరబిక్‌లో ‘ముఖాలఫా’, అంటే ట్రాఫిక్ ఉల్లంఘన అని రాస్తే ఎంత టెన్షనో ఆలోచించండి, అర్హత కాస్తా నేరమైపోతుంది. కార్డు వెనక ‘హజార్డస్ వాలిడిటీ’, ‘హిల్ వాలిడిటీ’ అని ఉండేవి అనుమతులు. వాటి తేదీ కూడా వేరే, హజార్డస్‌ది మూడేళ్లే. బ్యాడ్జ్ నంబర్ ఉంటే దాన్ని లైసెన్స్ నంబర్‌తో కలపకుండా విడిగా రాయించండి.

తెలంగాణవాళ్లకి ఇంకో చిక్కుంది. 2014కి ముందు తీసుకున్న లైసెన్స్ నంబర్‌లో ఏపీ అని ఉంటుంది, తర్వాత రెన్యువల్‌లో కార్డు మీద తెలంగాణ అని ఉన్నా నంబర్ అదే ఉండొచ్చు. నంబర్ చూసి ‘ఆంధ్రప్రదేశ్ జారీ చేసింది’ అని రాయకూడదు, కార్డు పైన ఏ రాష్ట్రం అచ్చయి ఉందో అదే రాయాలి. నంబర్‌ని ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల్లోనే ఉంచమనండి.

పేరు విషయంలో మీ ఇఖామా, అంటే సౌదీ నివాస కార్డు ఫొటో కూడా పంపండి. అరబిక్‌లో ప, వ శబ్దాలకి సరైన అక్షరాలు లేవు కాబట్టి ప్రసాద్ బ్రసాద్ అవుతాడు, వెంకటేశ్‌ని ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, ఇఖామాలో ఎలా ఉందో అలాగే ఇక్కడా ఉంటే గొడవ ఉండదు. ఇంటిపేరు కార్డు మీద ఒక్క అక్షరమే ఉంటే మాత్రం దాన్ని విప్పి రాయించకండి.

తేదీల్లో నెల అంకె బదులు పేరుతో రాయమనండి, 03-07 అన్నది కుడి నుంచి ఎడమకి రాసే కాగితంలో మార్చి 7గా మారిపోతే కనిపెట్టడం కష్టం. హిజ్రీ తేదీ వేస్తే ఇంగ్లిష్ తేదీ పక్కన వేయాలి గానీ దాని బదులు కాదు. స్టాంపు కొట్టకముందే డ్రాఫ్ట్ ఫొటో తెప్పించుకుని, అరబిక్ చదవగలిగిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో వరస మీద వేలు పెట్టి సరిచూడండి. స్టాంపు తర్వాత మార్చమంటే చాలా ఆఫీసులు మళ్లీ డబ్బులడుగుతాయి.