ఫోటోలోని కరెంటు బిల్లు చూసి నాలుగు వివరాలు తప్పు లేకుండా ఎలా రాసుకోవాలి?

మా పిన్ని వాళ్లది చీపురుపల్లి దగ్గర ఊరు. కరెంటు బిల్లు రాగానే ఫోటో తీసి శ్రీకాకుళంలో ఉన్న నాకు వాట్సాప్‌లో పెడుతుంది. కట్టేదీ, లెక్క రాసేదీ నేనే. "ఆ కాయితం మీద ఏటి రాసుందో నాకేటి తెలుస్తాది బాబూ, నువ్వే సూసుకో" అంటుంది. చూసుకోవాల్సినవి నాలుగే: సర్వీస్ నంబర్, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని యూనిట్లు, ఎంత కట్టాలి.

ముందు ఫోటో సంగతి. రీడింగ్ తీసే అబ్బాయి చేతి మెషీన్‌లోంచి వచ్చే కాగితానికి సిరా ఉండదు, వేడితో అక్షరాలు పడతాయి. అందుకే ఎండ తగిలినా, దేవుడి గూట్లో దీపం పక్కన పెట్టినా పాడైపోతుంది. వచ్చిన రోజే ఫోటో తీయాలి. కాగితాన్ని బల్ల మీద చదునుగా పరిచి, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయమనండి. ఫ్లాష్ వేస్తే నున్నటి కాగితం మెరిసి, సరిగ్గా అంకెల మీదే తెల్ల మచ్చ పడుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపిస్తే మేలు.

ఇక సర్వీస్ నంబర్. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు కరెంటు ఇచ్చే ఈపీడీసీఎల్‌లో ఇది 16 అంకెలు ఉంటుంది. బిల్లు మీద మీటర్ నంబర్ కూడా ఉంటుంది, దాన్ని రాసుకోకండి. నాలుగేసి అంకెలుగా విడదీసి చదివితే నాలుగు గుంపులు రావాలి. చివరి గుంపులో మూడే ఉంటే ఎక్కడో ఒక అంకె మింగేశారన్నమాట. వెలిసిన కాగితం మీద 3, 8 ఒకేలా కనిపిస్తాయి. అనుమానం ఉంటే పాత బిల్లుతో పోల్చండి, నెల మారినా ఈ నంబర్ మారదు. పేమెంట్ యాప్‌లో నంబర్ కొట్టాక వచ్చే పేరు మనదేనా అని చూశాకే డబ్బు కట్టండి.

ఈ నంబర్‌ను ఎక్సెల్‌లో రాసేవాళ్లు ఇంకో మోసం గమనించాలి. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెలే గుర్తుపెట్టుకుంటుంది. 16వ అంకె ఏదైనా సరే, చప్పుడు చేయకుండా సున్నా చేసేస్తుంది. నేను ఆరు నెలల లెక్క రాశాక గానీ చూసుకోలేదు, అన్ని సర్వీసులూ సున్నాతోనే ముగిశాయి! నంబర్‌కు ముందు `'` గుర్తు పెట్టి కొడితే అలాగే ఉంటుంది.

తేదీలు, యూనిట్లు కలిపి చదవడం మంచిది. బిల్లు మీద పాత రీడింగ్, కొత్త రీడింగ్ ఉంటాయి, వాటి తేదీలూ ఉంటాయి. ఆ రెండు తేదీల మధ్యదే బిల్లు కాలం. కట్టాల్సిన గడువు తేదీ వేరు, దాన్ని ఇందులో కలపకూడదు. పిన్ని పంపిన ఒక బిల్లులో పాత తేదీ ఆగస్టు 6, రీడింగ్ 4812. కొత్త తేదీ సెప్టెంబర్ 5, రీడింగ్ 4968. అంటే 30 రోజులు, 156 యూనిట్లు. దాన్ని సెప్టెంబర్ వాడకం అని రాస్తే తప్పు, చాలా వరకు ఆగస్టులో కాలిన కరెంటే అది.

ఆ ఫోటోలో యూనిట్ల చివరి అంకె 6 లా, 9 లా కూడా కనిపించింది. తీసివేతతో 156 అని తేలింది. అయితే 4968లో 8నే తప్పు చదివి ఉంటే? దానికి ఇంకో దారి ఉంది. ఇంటి కనెక్షన్‌కు విద్యుత్ సుంకం యూనిట్‌కు 6 పైసలు. బిల్లులో సుంకం దగ్గర 9.36 ఉంది. 156ను 6 పైసలతో గుణిస్తే సరిగ్గా అదే వస్తుంది, 159 అయితే 9.54 రావాలి. ఇంటికి తాళం ఉండి రీడింగ్ తీయని నెలలో సగటు యూనిట్లు వేస్తారు, అప్పుడు తీసివేత కుదరదు. అచ్చయిన అంకెనే రాసి, పక్కన "సగటు" అని గుర్తు పెట్టుకోండి.

చివరిది డబ్బు. ఆ బిల్లులో ఈ నెలది 742, పాత బాకీ 655, మొత్తం 1397. మూడింటినీ మూడు గడుల్లో రాయాలి. మొత్తం ఒక్కటే రాసుకుంటూ పోతే ఏడాది చివర కూడినప్పుడు బాకీ రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ఇంకో సంగతి, ఆ 655ను నేను రీడింగ్‌కు ముందు రోజు రాత్రే కట్టేశాను. చేతి మెషీన్‌కు ఆ కబురు చేరేలోపే బిల్లు అచ్చయింది. యాప్‌లో చూస్తే 742 మాత్రమే అడిగింది, అదే కట్టాను. పిన్ని మాత్రం కాగితం మీద 1397 చూసి రెండు రోజులు టెన్షన్ పడింది.