డెలివరీ పదేపదే లేటవుతోందా? చేపముల్లు బొమ్మ, ఐదు ‘ఎందుకు’లతో అసలు కారణం పట్టుకోవడం ఎలా?

జడ్చర్లలో నేను ఇన్‌ఛార్జిగా ఉన్న పార్సిల్ గోదాం నుంచి రోజూ పొద్దున మూడు బండ్లు బయల్దేరేవి. ఒకటి మహబూబ్‌నగర్ టౌన్‌కు, ఒకటి భూత్పూర్ వైపు, ఇంకొకటి దేవరకద్ర, మరికల్ మీదుగా నారాయణపేటకు. మొదటి రెండింటితో ఏ గొడవా లేదు. నారాయణపేట బండి మాత్రం వారానికి రెండు మూడు సార్లు లేటు. పదకొండు దాటిందంటే చాలు, అక్కడి షాపులవాళ్ల ఫోన్లు మొదలయ్యేవి. ఎందుకు లేటని ఎవరిని అడిగినా ఒకటే జవాబు: "డ్రైవర్ లేటుగా వచ్చిండు సార్." డ్రైవర్‌ను మార్చాం. లేటు మాత్రం అలాగే ఉంది.

అప్పుడు పట్టుకున్నాం చేపముల్లు బొమ్మను. జపాన్‌కు చెందిన కౌరు ఇషికావా ఫ్యాక్టరీల్లో నాణ్యత కోసం వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడిగే పద్ధతి టయోటా కంపెనీ నుంచి వచ్చింది. రెండూ కలిపి వాడితేనే పని జరుగుతుంది. మొదటిది అనుమానాలన్నింటినీ ఒక్కచోట పరుస్తుంది, రెండోది అందులో నిలబడిన అనుమానం వెంట లోపలికి తీసుకెళ్తుంది.

1. ముందు లేటును ఒక్క వాక్యంలో రాయండి

"డెలివరీలు లేటవుతున్నాయి" అని రాస్తే దాంతో ఏ పనీ సాగదు. ఏ రూటు, ఎన్ని ట్రిప్పుల్లో ఎన్ని, ఏ టైమ్‌తో పోలిస్తే లేటు అనేది ఉండాలి. మేం గేటు రిజిస్టరు, ట్రిప్ షీట్లు ముందేసుకుని నాలుగు వారాలు వెనక్కి చూశాం. తేలిన వాక్యం ఇది: "నారాయణపేట బండి 24 ట్రిప్పుల్లో 9 సార్లు ఉదయం 11 తర్వాత చేరింది."

ఈ వాక్యంలో కారణం ఉండకూడదు. "డ్రైవర్ల వల్ల 9 సార్లు లేటు" అని రాశారంటే విచారణకు ముందే తీర్పు చెప్పేసినట్టు.

2. టైమ్‌ను ముక్కలు చేయండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా బొమ్మ గీయడానికి కూర్చుంటారు. నన్నడిగితే సగం పని ఇక్కడే అయిపోతుంది. బండి ప్రయాణాన్ని రెండు ముక్కలుగా చూడండి: గేటు దాటేదాకా ఎంత, గేటు దాటాక ఎంత.

లేటు కాని రోజున మా బండి 8 గంటలకు గేటు దాటేది, దారిలో రెండు చోట్ల ఆగి 10:20కి చేరేది. లేటైన ఒక మంగళవారం చూస్తే గేటు దాటింది 9:35కి, చేరింది 11:55కి. రెండు రోజులూ రోడ్డు మీద గడిచింది అదే రెండు గంటల ఇరవై నిమిషాలు. 9 లేట్లలో 7 ఇలాంటివే. మిగతా రెండింటిలో ఒకటి పంక్చరు, ఒకటి వాన. అంటే అందరూ తిట్టుకునే రోడ్డుకు ఈ లేటుతో దాదాపు సంబంధమే లేదు. బండి మా కాంపౌండు లోపలే లేటవుతోంది.

3. చేపముల్లు గీయండి

గోడకు చార్టు అంటించండి. కుడివైపు చేప తల గీసి, అందులో మొదటి మెట్టులో రాసుకున్న వాక్యం పెట్టండి. తల నుంచి ఎడమకు వెన్నెముకలా ఒక పొడవాటి గీత. దానికి పైన మూడు, కింద మూడు ఏటవాలు ముళ్లు. ఫ్యాక్టరీల్లో ఈ ఆరింటికీ వాళ్ల పేర్లు వాళ్లకుంటాయి. రవాణా పనికి ఇవి సరిపోతాయి: మనుషులు, బండ్లు, సరుకు, పని పద్ధతి, కాగితాలు-సమాచారం, రోడ్డు-వాతావరణం.

ఎవరిని కూర్చోబెడతారన్నదే ఇక్కడ అసలు విషయం. మేం మొదటిసారి ఆఫీసువాళ్లం ముగ్గురమే కూర్చున్నాం. ‘మనుషులు’ ముల్లు నిండిపోయింది, ‘కాగితాలు’ ముల్లు ఖాళీ. కాగితాలు చూసేది మేమే కదా! రెండోసారి హమాలీ మేస్త్రీని, డ్రైవర్‌ను, బుకింగ్ క్లర్కును పిలిచాం. డ్రైవర్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత అన్నాడు: "నేను ఏడున్నరకే వచ్చి ఏం చెయ్యాలె సార్? ఆ రోజుల్ల కాగితాలు తొమ్మిది దాటినంక గాని చేతికి రావు. అందుకే నిమ్మళంగ వస్తున్న."

డ్రైవర్ లేటుగా రావడం నిజమే. అయితే అది కారణం కాదు, లేటుకు అలవాటుపడటం వల్ల వచ్చిన ఫలితం. కొత్త డ్రైవర్ కూడా రెండు వారాల్లో అదే నేర్చుకున్నాడు.

4. రుజువు లేని ముళ్లు కొట్టేయండి

బొమ్మ మీద ఉన్నవన్నీ అనుమానాలే. చార్టు నిండుగా కనిపించగానే పని అయిపోయిందనుకోవడం ఇందులో జరిగే పెద్ద పొరపాటు. ఒక్కో అనుమానాన్ని పట్టుకుని రెండు ప్రశ్నలు వేయండి. లేటైన రోజుల్లో ఇది ఉందా? లేటు కాని రోజుల్లో, లేటు కాని రూట్లలో ఇది లేదా?

"హమాలీలు తక్కువ" అన్నది మా చార్టులో గట్టి అనుమానం. లోడింగ్ అయిపోగానే టైమ్‌ను బండి తలుపు మీద చాక్‌పీసుతో రాయమని మేస్త్రీకి చెప్పాం. రెండు వారాలు రాశాడు. లేటైన రోజుల్లో కూడా 7:40 ప్రాంతంలోనే లోడింగ్ అయిపోతోంది. ఆ అనుమానం పోయింది. పైగా ఆ హమాలీలే మహబూబ్‌నగర్ బండికీ ఎత్తుతారు, అది టైమ్‌కే పోతోంది.

నిలబడింది కాగితాల ముల్లు ఒక్కటే. ఆ 7 లేట్లూ మంగళ, శుక్రవారాలే. ఆ రెండు రోజులూ నారాయణపేట చీరల నేతకు నూలు, పట్టు బేళ్లు వస్తాయి. వాటి బిల్లు విలువ 50,000 రూపాయలు దాటుతుంది కాబట్టి, సరుకు రవాణాకు ప్రభుత్వ పోర్టల్‌లో తీసే ఈ-వే బిల్లు తప్పదు. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద లారీలోంచి సరుకు మా చిన్న బండిలోకి మారినప్పుడు, ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో కొత్త బండి నంబరు ఎక్కించాలి. రాష్ట్రం లోపల, రవాణాదారు గోదాం నుంచి సరుకు అందుకునేవాళ్ల షాపు దాకా 50 కిలోమీటర్ల లోపు ఉంటే నంబరు మార్చకపోయినా ఫర్వాలేదు. మహబూబ్‌నగర్, భూత్పూర్ ఆ లోపే వస్తాయి, నారాయణపేట రాదు. మూడు బండ్లలో ఒక్కటే ఎందుకు లేటవుతోందో అప్పుడు అర్థమైంది.

5. ఇప్పుడు ‘ఎందుకు’ అడగండి

బండి ఎందుకు లేటుగా చేరింది? గేటు దాటడమే తొమ్మిదిన్నరకు.

గేటు ఎందుకు లేటుగా దాటింది? లోడ్ సిద్ధంగా ఉన్నా, ఈ-వే బిల్లులో బండి నంబరు మారలేదు.

నంబరు ఎందుకు మారలేదు? క్లర్కు ఏడున్నరకే కూర్చున్నా పోర్టల్‌లోకి వెళ్లలేకపోయాడు.

ఎందుకు వెళ్లలేకపోయాడు? లాగిన్ ఒక్కటే, ఓటీపీ ఓనర్ ఫోన్‌కు వస్తుంది. ఆయన హైదరాబాద్‌లో ఉంటారు, తొమ్మిది దాకా ఫోన్ ఎత్తరు.

లాగిన్ ఒక్కటే ఎందుకు ఉంది? గోదాం మొదలైనప్పుడు దగ్గరి రూట్లే ఉండేవి, పొద్దున పోర్టల్‌తో పనే పడేది కాదు. నారాయణపేట రూటు తర్వాత కలిపారు. బండి, డ్రైవర్, అద్దె అన్నీ చూశారు గానీ, పొద్దున కాగితం ఎవరు తీస్తారన్నది ఎవరూ అడగలేదు.

ఇక్కడ ఆగాం. ఐదు దగ్గరే ఆగాలన్న రూలేమీ లేదు, మూడింటికే తేలొచ్చు, ఏడు దాకా పోవచ్చు. మన చేతుల్లో మార్చగలిగినది, మారిస్తే మళ్లీ రానిది దొరికినప్పుడు ఆగాలి. జవాబు ఒక మనిషి పేరు దగ్గర ఆగిందంటే మాత్రం ఇంకో ‘ఎందుకు’ బాకీ ఉన్నట్టే. "ఓనర్ ఫోన్ ఎత్తరు" దగ్గర మేం ఆగి ఉంటే, ఆయనకు పొద్దున్నే అలారం పెట్టుకోమని చెప్పి ఊరుకునేవాళ్లం.

6. కింది నుంచి పైకి చదవండి

వరుసను తిరగేసి మధ్యలో ‘అందుకే’ పెట్టి చదవండి. కొత్త రూటుకు కాగితం సంగతి చూడలేదు, అందుకే లాగిన్ ఒక్కటే మిగిలింది, అందుకే క్లర్కు ఓటీపీ కోసం ఆగాడు, అందుకే నంబరు మారలేదు, అందుకే బండి లేటు. ఎక్కడైనా ‘అందుకే’ అతకకపోతే అక్కడ ఊహ దూరిందని అర్థం. "డ్రైవర్ లేటుగా వచ్చాడు, అందుకే కాగితాలు లేటు" అని చదివి చూడండి, నోరు తిరగదు.

దీనికి తోడు, వరుస తప్పని తేల్చగల ఒక రోజును వెతకండి. నాలుగు వారాల్లో మంగళ, శుక్రవారాలు కలిపి 8. లేటైనవి 7. మిగిలిన ఆ ఒక్క శుక్రవారం నూలు బేళ్లు రాలేదేమోనని చూశాం. వచ్చాయి. బండి మాత్రం 8:05కి గేటు దాటింది. రిజిస్టరులో చూస్తే ఆ రోజు ఓనర్ గోదాం చూడటానికి పొద్దున్నే వచ్చారు, ఫోన్ ఆయన చేతిలోనే ఉంది.

7. మార్చి, మళ్లీ లెక్కపెట్టండి

పరిష్కారం గురించి మాట్లాడేటప్పుడు ఒకాయన అన్నాడు, "రాత్రి లారీ హైదరాబాద్‌లో ఉన్నప్పుడే మన బండి నంబరు ఎక్కించేద్దాం" అని. వినడానికి బాగానే ఉంది. అయితే అప్పుడు సరుకు ఒక లారీలో, బిల్లు మీద నంబరు ఇంకో బండిది. షాద్‌నగర్ దగ్గర ఎవరైనా ఆపి చూస్తే మొత్తం లారీయే నిలిచిపోతుంది. ఒక చోట టైమ్ మిగుల్చుకోబోయి ఇంకో చోట పెద్ద చిక్కు తెచ్చుకోవడమే.

మేం చేసినవి రెండే. పోర్టల్‌లో క్లర్కు పేరు మీద సబ్ యూజర్, అంటే విడి లాగిన్, తెరిచి అతని ఫోన్ నంబరు నమోదు చేయించాం, ఇక ఓటీపీ అతనికే వస్తుంది. రూటు కొత్తగా కలిపే ఫారంలో "50 కిలోమీటర్లు దాటుతుందా? దాటితే పొద్దున బండి నంబరు ఎవరు మారుస్తారు?" అని ఒక లైను చేర్చాం.

తర్వాతి నాలుగు వారాలు అదే కొలత, అదే 11 గంటల గీత. 24 ట్రిప్పుల్లో 2 లేట్లు. ఒకటి టైరు. రెండోది ఒక శుక్రవారం, మళ్లీ కాగితాల దగ్గరే, క్లర్కు చెల్లెలి పెళ్లికి సెలవు పెట్టిన రోజు. సోమవారం బుకింగ్ కౌంటర్ అమ్మాయి నంబరుతో రెండో సబ్ యూజర్ తెరిచాం.