ఫాంటు ఎంపిక, 4వ పాఠం: సంస్మరణ కార్డుకి ఏది, పార్టీ ఫ్లయర్‌కి ఏది?

పోయిన పాఠంలో అక్షరంలోని గీత ఎక్కడ సన్నబడుతుందో, ఎక్కడ లావెక్కుతుందో చూడటం నేర్చుకున్నాం. ఈసారి అదే చూపుతో రెండు కాగితాలు తయారు చేద్దాం. ఒకటి సంస్మరణ సభ కార్డు, రెండోది పార్టీ ఫ్లయర్.

ముందు కార్డు. దాన్ని చేతిలో పట్టుకుని, దగ్గరగా, నిదానంగా చదువుతారు. అందుకని సన్నం లావుల తేడా సాఫీగా కనిపించే పుస్తకపు అక్షరం దీనికి బాగుంటుంది. నేను ఎక్కువగా వాడేది Noto Serif Telugu. Tiro Telugu కూడా అదే పనికి వస్తుంది. మర్యాదగా రాసే ఆహ్వాన పత్రికలకీ ఇవే సరిపోతాయి.

అయితే పేరు చూసో, మెనూలో కనిపించే నమూనా చూసో ఫాంటుని ఖాయం చేయకండి. ఆ కార్డులో అన్నిటికంటే కష్టమైన మాటని అందులో టైప్ చేసి చూడండి. సంస్మరణ కార్డులో ఆ మాట దాదాపు ఎప్పుడూ ‘జ్ఞాపకార్థం’. ‘ర’ కింద ‘థ’ ఒత్తు ఉంటుంది, ఆ ఒత్తు కడుపులో ఒక చుక్క ఉంటుంది. ఆ చుక్క పోతే అది ‘ధ’ ఒత్తు అయిపోతుంది, మాట తప్పు అవుతుంది. ‘శ్రద్ధాంజలి’లోనూ ఇదే చిక్కు. అక్కడ ‘ధ’ ఒత్తు అడుగున ఉండే చిన్న గీత కనబడకపోతే ‘ద’ ఒత్తులా చదువుతారు.

నేను చేసిన మొదటి కార్డులో ఈ పొరపాటే జరిగింది. నిండుగా ఉంటుందని శీర్షికలకి వాడే లావు ఫాంటు పెట్టాను. స్క్రీన్ మీద పెద్దగా చేసి చూసినప్పుడు చుక్క ఉంది. అచ్చయ్యాక సిరా పాకి పూడిపోయింది. ఆ ఇంటి పెద్దాయన ఆ మాట మీద వేలు పెట్టి, “ఇది ‘ధ’ కదమ్మా” అన్నారు. కార్డులన్నీ అప్పటికే పంచేశారు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అప్పటినుంచి ఏ కార్డయినా అసలు సైజులోనే, జూమ్ చేయకుండా, ఒక కాపీ ప్రింట్ తీసి ఒత్తులు చూశాకే ఇస్తాను.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. తెలుగు ఫాంట్లు చాలావాటికి ఒకటే మందం ఉంటుంది. Suranna, Mandali, Ramabhadra అలాంటివే. వాటిలో B బటన్ నొక్కితే నిజమైన బోల్డ్ రాదు. సాఫ్ట్‌వేర్ ఉన్న గీతనే చుట్టూ ఉబ్బిస్తుంది. అప్పుడు మొదట పూడేది ఒత్తులే. Noto Serif Teluguలో వేర్వేరు మందాలు విడిగా గీసి ఉన్నాయి కాబట్టి Medium, SemiBold ధైర్యంగా వాడొచ్చు.

ఇప్పుడు కార్డు పేర్చుదాం. కొలత 5 × 7 అంగుళాలు. పైన ‘శ్రద్ధాంజలి’ 18 పాయింట్లు, Regular. పేరు 24 పాయింట్లు, SemiBold. సభ వివరాలు 12 పాయింట్లు, Regular. వరుసల మధ్య దూరం 1.5 పెట్టండి. ఇంకా తక్కువైతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకి, తలకట్లకి తగులుతాయి. ఒకటే ఫాంటు, రెండు మందాలు చాలు. పేరుని ఎత్తి చూపేది దాని చుట్టూ వదిలిన ఖాళీ, అందుకని ఆ ఖాళీని పూలతో, గీతలతో నింపొద్దు.

ఫ్లయర్ సంగతి వేరు. నడుస్తూ వెళ్లే మనిషి రెండు మూడు మీటర్ల దూరం నుంచి ఒక్క క్షణం చూస్తాడు. ఇక్కడ Baloo Tammudu 2 లాంటి గుండ్రటి లావు అక్షరం హాయిగా ఉంటుంది. కానీ దాన్ని శీర్షికకే ఉంచండి. తేదీ, సమయం, చోటు Anek Telugu లాంటి సాదా అక్షరంలో 16 పాయింట్లకి తగ్గకుండా పెట్టండి. అన్నీ లావుగా పెడితే కంటికి మొదట ఏది చూడాలో తెలియదు.

శీర్షిక మాటలు కూడా ఫాంటుని దృష్టిలో పెట్టుకునే ఎంచుకోవాలి. ‘పుట్టినరోజు పార్టీ’లో ‘ట’ ఒత్తు కిందికి దిగుతుంది. రెండు వరుసలు దగ్గరగా పెడితే కింది మాటకి గుద్దుకుంటుంది. ‘శనివారం సందడి’లో ఒక్క ఒత్తూ లేదు. దాన్ని 60 పాయింట్ల ExtraBoldలో, వరుసల దూరం 1.1కి తగ్గించి, ఇటుకలు పేర్చినట్టు బిగువుగా పెట్టొచ్చు. A5 కాగితం మీద అది నిండుగా కూర్చుంటుంది.

ఫ్లయర్ ఫోన్లలోనూ తిరుగుతుంది. కాబట్టి బొమ్మని బొటనవేలి గోరంత చేసి చూడండి. శీర్షిక అప్పటికీ చదవగలిగితే సరే. లేకపోతే పాయింట్లు పెంచేముందు మాటలు తగ్గించి చూడండి.

ఈ వారం అభ్యాసం: ‘జ్ఞాపకార్థం’ అన్న మాటని మీ దగ్గరున్న అయిదు ఫాంట్లలో 12 పాయింట్లకి పెట్టి, ఒకే కాగితం మీద ప్రింట్ తీయండి. చుక్క కనబడని వాటి పక్కన ఇంటూ పెట్టి, ఆ కాగితం దాచుకోండి. 5వ పాఠంలో దానితోనే పని మొదలుపెడతాం.