పాలిమర్లు, ప్లాస్టిక్‌లు – 4వ పాఠం: పాలిథీన్ ఎందుకు కుళ్లదు?

ఈ పాఠంలో ప్లాస్టిక్ వస్తువుల మీద త్రిభుజంలో ఉండే 1 నుంచి 7 వరకు అంకెల గురించి చెబుతానన్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయిన పాఠం చివర ఇచ్చిన రెండు మార్కుల ప్రశ్నకు మీ జవాబులు చూశాక ముందుకు వెళ్లడం సరికాదనిపించింది.

ప్రశ్న ఇది: పాలిథీన్ మట్టిలో ఎందుకు కుళ్లదు? సగం మందికి పైగా దాదాపు ఒకే వాక్యం రాశారు: "పాలిథీన్‌లో బలమైన ద్విబంధాలు ఉంటాయి, అందుకే సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టలేవు." ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది పేరు వల్ల వచ్చింది, దాన్ని సరిదిద్దడం తేలిక. రెండోది లోతైనది. మంచి మార్కులు తెచ్చుకునేవాళ్లు కూడా అందులోనే పడుతున్నారు.

ముందు తేలికైనది. పాలిథీన్ పేరు చివర "ఈన్" ఉంది కాబట్టి ద్విబంధం ఉంటుందని అనుకున్నారు. ఆ పేరు మోనోమర్‌ది. ఈథీన్‌లో, అంటే CH2=CH2లో, ద్విబంధం ఉంది. చర్య జరిగేటప్పుడు ఆ రెండు బంధాల్లో ఒకటి తెగి, దాని ఎలక్ట్రాన్లతోనే పక్క అణువుతో కొత్త బంధం ఏర్పడుతుంది. అందుకే తయారైన గొలుసు –(CH2–CH2)n– అవుతుంది. ఇందులో అన్నీ ఏకబంధాలే. పాలీప్రొపిలీన్, పాలీస్టైరీన్ గొలుసులూ అంతే (పాలీస్టైరీన్ పక్కన వేలాడే బెంజీన్ వలయం గొలుసులో భాగం కాదు). పోయిన పాఠంలో నేను చర్యకు ముందు బొమ్మ మాత్రమే వేసి, తర్వాతి బొమ్మ స్పష్టమే కదా అని వదిలేశాను. ఇక నుంచి రెండూ వేస్తాను, మీరూ రెండూ వేయండి.

నిజానికి గొలుసులో ద్విబంధం ఉంటే పాలిమర్ మరింత గట్టిపడదు, దెబ్బతినే చోటు ఒకటి దొరుకుతుంది. సహజ రబ్బరు కూడా సంకలన పాలిమరే. దాని గొలుసులో ప్రతి ఐసోప్రీన్ యూనిట్‌కూ ఒక ద్విబంధం మిగిలి ఉంటుంది. ఓజోన్ సరిగ్గా అక్కడే దాడి చేస్తుంది. పాత రబ్బరు మీద పగుళ్లు రావడానికి అదొక కారణం. కొన్ని బ్యాక్టీరియాల ఎంజైమ్‌లు కూడా ఆ ద్విబంధం దగ్గరే గొలుసును కోస్తాయి. నెమ్మదిగానైనా సహజ రబ్బరు జీవవిచ్ఛిన్నం అవుతుంది. కాబట్టి "ద్విబంధం ఉంది, అందుకే కుళ్లదు" అనే వాక్యం పూర్తిగా తలకిందులు.

ఇప్పుడు రెండో తప్పు. "ద్విబంధాలు లేవు, సరే. అయితే C–C బంధం చాలా బలమైనది, అందుకే" అని కొందరు రాశారు. ఈ జవాబు చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. వినడానికి సరిగానే ఉంటుంది గానీ, ఒక్కసారి పట్టిక తెరిచి చూస్తే నిలబడదు. C–C ఏకబంధం సగటు శక్తి మోల్‌కు సుమారు 348 కిలోజౌళ్లు. C–O ఏకబంధానిది సుమారు 360. పుస్తకాన్ని బట్టి ఈ అంకెలు కొద్దిగా మారతాయి. మట్టిలో కుళ్లిపోయే పాలిఎస్టర్ల గొలుసులో తెగేది C–O బంధమే. అంటే తెగే బంధం తెగని బంధం కంటే బలహీనమైనది కాదు, ఒకింత బలమైనదే. బలమే కారణమైతే పాలిథీనే ముందు కుళ్లిపోవాలి.

మరో రుజువు కొవ్వొత్తి మైనంలో ఉంది. పారఫిన్ మైనంలో కూడా CH2 పక్కన CH2 ఉండే గొలుసులే, అవే C–C బంధాలు. వాటి పొడవు మాత్రం చాలావరకు 20 నుంచి 40 కార్బన్లే. నూనెల్ని, మైనాన్ని తిని బతికే బ్యాక్టీరియాలు ఉన్నాయి. అవి గొలుసు కొసను ముందు ఆక్సీకరణం చేసి, అక్కడి నుంచి రెండేసి కార్బన్లు చొప్పున కొరుక్కుంటూ వస్తాయి. మైనాన్ని తినగలిగిన జీవి పాలిథీన్‌ను తినలేకపోతోందంటే తేడా బంధం బలంలో లేదు.

తేడా రెండు చోట్ల ఉంది.

ఒకటి, పట్టు దొరకడం. ఎస్టర్ సమూహంలో ఆక్సిజన్‌తో ద్విబంధం ఉన్న కార్బన్ మీద కొద్దిపాటి ధన ఆవేశం ఉంటుంది. నీటి అణువులోని ఆక్సిజన్ దాని వైపు ఆకర్షితమవుతుంది. ఎస్టర్లను కోసే ఎంజైమ్‌లు కూడా అక్కడే పట్టుకుంటాయి. దీన్నే జలవిశ్లేషణ అంటాం. బంధం బలంగా ఉన్నా, దాన్ని తక్కువ శక్తితో తెంచే దారి ఒకటి ఉందన్నమాట. పాలిథీన్‌లో అలాంటి దారి లేదు. ఒక కార్బన్‌కు అటూ ఇటూ కార్బన్లే, పక్కన హైడ్రోజన్లే. ఎక్కడా ఆవేశంలో తేడా లేదు. నీరు దాన్ని తడపనైనా తడపదు.

రెండు, పొడవు. ఒక లెక్క చేద్దాం. ఒక పాలిథీన్ గొలుసు అణుభారం 1,40,000 అనుకోండి. ఈథీన్ అణుభారం 28. కాబట్టి n = 1,40,000 ÷ 28 = 5,000, అంటే గొలుసులో 10,000 కార్బన్లు. ఇంత పెద్ద అణువు కణం గోడ దాటి లోపలికి పోలేదు. హైడ్రోకార్బన్ గొలుసు అణుభారం సుమారు 500కు దిగితేనే సూక్ష్మజీవులు దాన్ని తేలిగ్గా వాడుకోగలవని ఒక అంచనా. 1,40,000ను 500తో భాగిస్తే 280 ముక్కలు. అంటే ఒక్కో గొలుసును 279 చోట్ల కోయాలి, అదీ కణం బయటే, పట్టు దొరకని చోట. మైనానికి ఈ అవసరమే లేదు, అది ముందే చిన్న ముక్క.

పరీక్షలో రెండు మార్కులకు ఇలా రాస్తే చాలు: "పాలిథీన్ గొలుసు అంతా అధ్రువ C–C, C–H ఏకబంధాలే. జలవిశ్లేషణకు వీలైన సమూహం లేదు కాబట్టి ఎంజైమ్‌లు దాన్ని కోయలేవు. గొలుసు చాలా పొడవు కాబట్టి అది కణంలోకి పోలేదు."

నేను ఏ పాలిమర్ ఇచ్చినా ముందు చేసే పని ఒకటుంది. నిర్మాణం గీసి, గొలుసు వెన్నెముక మీద పెన్సిల్ కొసతో ఒక చివరి నుంచి నడుస్తాను. కార్బన్ కాని పరమాణువు ఎక్కడైనా తగిలితే అక్కడ గుండ్రం చుడతాను. PVCలో క్లోరిన్ పక్కన వేలాడుతుందే గానీ వెన్నెముకలో ఉండదు, దానికి గుండ్రం లేదు. నైలాన్‌లో నైట్రోజన్ తగులుతుంది, PETలో ఆక్సిజన్ తగులుతుంది. సంకలన పాలిమర్లు, సంఘనన పాలిమర్లు అని రెండు వరుసల పట్టిక బట్టీ పట్టడం కంటే ఈ నడక నాకు నమ్మకంగా అనిపిస్తుంది.

అయితే గుండ్రం పడితే కోయడానికి వీలుందనే అర్థం, త్వరగా కుళ్లుతుందని కాదు. నీళ్ల సీసాల PETలో ఎస్టర్ ఉంది, అయినా అది ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. దాని గొలుసులో బెంజీన్ వలయాలున్నాయి, గొలుసులు దగ్గర దగ్గరగా సర్దుకుంటాయి, సుమారు 70 డిగ్రీల సెల్సియస్ లోపు బిగుసుకుని కదలవు. ఎంజైమ్‌కు ఎస్టర్ దగ్గరికి చేరే చోటు దొరకదు. PETను తినే ఇడియోనెల్లా సకాయెన్సిస్ అనే బ్యాక్టీరియాను జపాన్ శాస్త్రవేత్తలు 2016లో ప్రకటించారు. అది కూడా స్ఫటికత తక్కువగా ఉన్న PET మీదే బాగా పనిచేస్తుంది.

ఇక పర్యావరణం దగ్గరికి వద్దాం. "ఎండలో పెడితే పాలిథీన్ సంచి పొడిపొడి అవుతుంది కదా, మరి కుళ్లినట్టే కదా?" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. తయారీలో వేడికి గొలుసులో అక్కడక్కడ కార్బోనిల్ సమూహాలు ఏర్పడతాయి. అతినీలలోహిత కిరణాలను గ్రహించేవి అవే. అక్కడ స్వేచ్ఛా ప్రాతిపదికలు పుట్టి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, గొలుసును తెంచుతాయి. సంచి పెళుసుబారి ముక్కలవుతుంది. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్కల్ని మైక్రోప్లాస్టిక్ అంటారు. కంటికి కనిపించనంత చిన్న ముక్కలో కూడా లెక్కలేనన్ని పొడవాటి గొలుసులు మిగిలే ఉంటాయి. ముక్కలవడం వేరు, జీవవిచ్ఛిన్నం వేరు. ఈ ముక్కలవడాన్ని త్వరపరచడానికి కోబాల్ట్, మాంగనీస్ లవణాలు కలిపి "ఆక్సో" సంచులని అమ్మారు. అవి మైక్రోప్లాస్టిక్‌నే పెంచుతాయన్న కారణంతో యూరోపియన్ యూనియన్ 2021 నుంచి వాటిని నిషేధించింది.

మరి నిజంగా కుళ్లిందని ఎలా తెలుస్తుంది? కంటితో కాదు, బయటికి వచ్చిన కార్బన్ డై ఆక్సైడ్‌ను కొలిచి. సూక్ష్మజీవి తింటే, గాలి తగిలే చోట, కార్బన్ CO2గా బయటికి రావాలి. పాలిథీన్‌లో ఒక యూనిట్ 28 గ్రాములు, అందులో 2 కార్బన్లు, కాబట్టి 2 × 44 = 88 గ్రాముల CO2 రావాలి. 14 గ్రాముల "కుళ్లే పాలిథీన్" సంచిని కంపోస్టులో పెట్టామనుకోండి. పూర్తిగా కుళ్లితే 44 గ్రాములు రావాలి. ఆరు నెలలకు, ఉత్త కంపోస్టు నుంచి వచ్చినది తీసేశాక, 2.2 గ్రాములే వచ్చింది. 2.2 ÷ 44 అంటే 5 శాతం. సంచి కనిపించకుండా పోయినా 95 శాతం కార్బన్ CO2గా మారలేదు. కొంత కార్బన్ సూక్ష్మజీవుల శరీరంలోకి పోతుంది కాబట్టి నిజంగా కుళ్లేవాటికి కూడా 100 రాదు. అందుకే కంపోస్టయ్యే ప్యాకింగ్‌కు యూరప్ ప్రమాణం EN 13432 ఆరు నెలల్లో 90 శాతం అడుగుతుంది. ఆ పరీక్ష జరిగేది సుమారు 58 డిగ్రీల దగ్గరని గుర్తుంచుకోండి. పాలీలాక్టిక్ ఆమ్లం, అంటే PLA, అక్కడ నెగ్గుతుంది. చల్లటి సముద్రపు నీటిలో మాత్రం చాలాకాలం అలాగే ఉంటుంది.

చివరిగా ఒక చిన్న మాట. చెరకు నుంచి తీసిన ఈథీన్‌తో చేసిన పాలిథీన్ కూడా పాలిథీనే, కుళ్లదు. పెట్రోలియం నుంచి తీసిన పాలీకాప్రోలాక్టోన్ కుళ్లుతుంది, అందులో ఎస్టర్ ఉంది. ముడిసరుకు ఎక్కడిదో గొలుసు గుర్తుంచుకోదు.

సాధన ఈసారి ఒక్కటే, గంటసేపు పడుతుంది. PLA యూనిట్ C3H4O2. దాని గొలుసు గీసి, పెన్సిల్ నడకతో గుండ్రాలు చుట్టండి. 18 గ్రాముల PLA పూర్తిగా కుళ్లితే ఎంత CO2 రావాలో లెక్కించండి. 58 డిగ్రీల దగ్గర ఆరు నెలల్లో 30 గ్రాములు వస్తే EN 13432 నెగ్గినట్టేనా? అదే నమూనా చల్లటి నీటిలో 1 గ్రామే ఇస్తే, గొలుసు మారకుండానే ఫలితం ఎందుకు మారిందో PET గురించి చెప్పిన కారణంతో పోల్చి, "బలమైన బంధం" అనే మాట వాడకుండా నాలుగు వాక్యాల్లో రాయండి.