అమ్మ షుగర్ లక్ష్యాన్ని సడలించాం

82 ఏళ్ల మా అమ్మకు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.3 వచ్చింది. చూడటానికి చక్కటి అంకె. కానీ తెల్లవారుజామున తడబడేది, పేర్లు మరిచిపోయేది. షుగర్ పడిపోతే కనిపించే వణుకు, చెమట మాత్రం ఉండేవి కావు. వయసు ప్రభావమని అందరూ అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. రాత్రి మూడు గంటలకు వేలి పరీక్ష చేస్తే షుగర్ 56కి పడిపోయి ఉంది! మింగగలిగే స్థితిలో ఉంది కాబట్టి 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చాం. పావుగంటకు 88కి చేరింది.

కారణం షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర. మూత్రపిండాలు బలహీనపడిన వారిలో దాని ప్రభావం ఎక్కువసేపు నిలుస్తుంది. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఈ రాత్రి పతనాలను పట్టివ్వదు. డాక్టర్ ఆ మాత్ర ఆపేసి, పరగడుపున 100–180, నిద్రకు ముందు 110–200 ఉంటే చాలన్నారు. ఇప్పుడు పరగడుపున 150 దాకా ఉంటోంది. ఉండనీ! తడబాటు పోయింది. వరుసగా 200 దాటితేనే డాక్టర్‌కు ఫోను చేస్తాం. 70 కంటే తగ్గితే మాత్రం ఒక్కసారికే చేస్తాం.