గోల్కొండ చప్పట్లు: చప్పని యాత్రా వర్ణనను కల్పన లేకుండా ఎలా తిరగరాయాలి?

"గోల్కొండ కోట ఎంతో అద్భుతంగా ఉంది. గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు పైకి వినిపించడం చూసి ఆశ్చర్యపోయాం. పైనుంచి నగరం కన్నుల పండువగా కనిపించింది." హైదరాబాద్ చూసొచ్చినవారు తరచుగా రాసే ఇలాంటి మూడు వాక్యాలను ఉదాహరణగా తీసుకుందాం.

మొదట, ఏ ఊరికైనా అతికే మాటల కింద గీత గీయండి. అద్భుతం, ఆశ్చర్యం, కన్నుల పండువ అనేవి పాపికొండలకూ సరిపోతాయి. వాటిని వెంటనే కొట్టివేయవద్దు. ఆ మాట రాయించినది మీరు విన్నదో, కన్నదో, తాకినదో అయి ఉంటుంది కనుక అదేమిటో పక్కన రాసుకోండి.

తరువాత ఆధారాలు వెతకండి. ఫోటోలో నమోదైన సమయం, నీడల పొడవు చూస్తే వెలుగు ఎలా ఉందో తెలుస్తుంది. వీడియోను తెర చూడకుండా ఒకసారి వినండి. అక్కడ ఉన్నప్పుడు మనం పట్టించుకోని చప్పుళ్లు అందులో చాలా ఉంటాయి. దొరికినవాటిలో స్వయంగా అనుభవించినవి, సరిచూడదగినవి, కేవలం ఊహలు అని మూడు వరుసలు చేసి, మూడో వరుసను పక్కన పెట్టండి. గుర్రాల డెక్కల చప్పుడు, అత్తరు పరిమళం సాధారణంగా ఈ వరుస నుంచే వర్ణనలోకి చొరబడతాయి.

ఇప్పుడు తిరగరాయండి. మీ వీడియోలో తమ్ముడి చప్పట్లు, పైకెక్కాక కిందినుంచి వచ్చిన చప్పుడు ఉన్నాయనుకుంటే, వాక్యాలు ఇలా మారవచ్చు: "తమ్ముడు గుమ్మటం కింద చప్పట్లు కొట్టగానే, ఆ చప్పుడు మా తలల పైనున్న కప్పుకు తగిలి, పొడిగా తిరిగి వచ్చింది. ఆయాసపడుతూ కొండ కొనన ఉన్న బాలాహిస్సార్ చేరాక కిందినుంచి ఎవరివో చప్పట్లు వినిపించాయి. మనుషులు కనిపించలేదు గానీ ఒక్కో చప్పుడూ విడిగా అందింది." ఇక్కడ ఆశ్చర్యం అన్న మాట అవసరం పడలేదు. వాసన గుర్తులేకపోతే దాన్ని వదిలేయండి. అయిదు ఇంద్రియాలకూ వాటా పంచాలన్న నియమమేమీ లేదు.

చివరగా పేర్లు సరిచూడండి. చాలామంది ఇక్కడే జారిపడతారు. చప్పట్ల గుమ్మటం ఫతే దర్వాజా దగ్గర ఉందని ఎన్నోచోట్ల రాసి ఉంటుంది. ఫతే దర్వాజా నిజానికి బయటి ప్రాకారపు ద్వారం. సందర్శకులు చప్పట్లు కొట్టేది కొండ కింద, టికెట్ తీసుకుని ప్రవేశించే బాలాహిస్సార్ ద్వారం వద్ద. శత్రువుల రాకను పైవారికి తెలిపేందుకే ఈ ఏర్పాటు చేశారన్నది గైడ్లు చెప్పే మాట కాబట్టి, దానికి "అని చెబుతారు" జోడించండి. 1687లో ఔరంగజేబు సేన కోటను పట్టుకున్నది మాత్రం చరిత్ర. దాన్ని నేరుగా రాయవచ్చు, కానీ ఆ రాత్రి చీకటి ఎలా ఉందో వర్ణించే హక్కు మనకు లేదు.